లో షుగర్‌తో స్పృహ తప్పితే: గ్లూకగాన్ వేసేటప్పుడు, వేశాక

ప్రశ్న: మా ఆయనకు టైప్ 1 షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. పోయిన నెల తెల్లవారుజామున ఎంత లేపినా లేవలేదు. ఒళ్ళంతా చెమట, గొంతులో గురక లాంటి చప్పుడు. కంగారులో నోట్లో పంచదార పోశాను. ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించాక లేచారు. ఇప్పుడు డాక్టరుగారు, పడిపోయిన షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ కిట్ రాసిచ్చారు. ఆ పెట్టె చూస్తేనే చేతులు వణుకుతున్నాయి. మళ్ళీ అలా జరిగితే వరసగా ఏం చేయాలి? తప్పుగా వేస్తే ప్రమాదమా?

జవాబు:

అమ్మా, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, మీ భయమంతా అక్కడే ఉంది కనుక. అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే కణితి, క్లోమంలో ఇన్సులినోమా అనే కణితి లాంటి అరుదైన జబ్బులు ఉన్నవాళ్ళకు గ్లూకగాన్ వేయకూడదు. అవి మీవారికి ఉంటే డాక్టరుగారు ఈ కిట్ రాసిచ్చేవారే కాదు. అవి లేనివాళ్ళకు, షుగర్ పడిపోయిందనుకుని వేసినప్పుడు అది నిజానికి పడిపోకపోయినా, జరిగేది కాసేపు షుగర్ పెరగడం, కడుపులో తిప్పడం, వాంతి. వేయాల్సినప్పుడు వేయకపోతే మాత్రం మెదడుకు గ్లూకోజ్ అందని నిమిషాలు పెరుగుతూ పోతాయి. కాబట్టి అనుమానం దగ్గర ఆగిపోకండి, వేసేయండి.

షుగర్ క్లినిక్‌లో నర్సుగా కుటుంబాలకు ఈ కిట్ నేర్పించడం నా పని. సూది గుచ్చలేక విఫలమైనవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. విఫలమయ్యేది సూదికి ముందూ, సూది తర్వాతా. అందుకే ఆ రెండు చోట్లే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు పంచదార సంగతి. స్పృహ లేనివాళ్ళకు మింగడం ఉండదు. నోట్లో పోసింది ఏదైనా సరే, పంచదార, తేనె, జ్యూస్, గ్లూకోజ్ నీళ్ళు, గొంతులోంచి శ్వాసనాళంలోకి జారవచ్చు. మెలకువగా ఉన్నవాళ్ళకు పొలమారితే దగ్గి బయటికి తోసేస్తారు, వీళ్ళకు ఆ దగ్గు కూడా రాకపోవచ్చు. ఊపిరాడకపోవడం ఒక ప్రమాదం, తర్వాత న్యుమోనియా రావడం ఇంకొకటి. పైగా నోటి లోపలి చర్మం ద్వారా రక్తంలోకి చేరే పంచదార చాలా తక్కువ. అంటే ప్రమాదం పూర్తిగా, లాభం నామమాత్రంగా. లేపితే లేవనివాళ్ళకు, ఫిట్స్ వస్తున్నవాళ్ళకు, చెప్పింది అర్థంకాక నోరు బిగించుకున్నవాళ్ళకు నోటితో ఏమీ వద్దు. మీరు విన్న ఆ గురక చప్పుడు నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతున్నప్పుడు వస్తుంది. దాన్ని విన్న వెంటనే చేయాల్సింది పక్కకు తిప్పడం.

ఇక వరస. భుజం తట్టి గట్టిగా పేరుతో పిలవండి. లేవకపోతే ఛాతీ వైపు చూడండి, ఊపిరి మామూలుగా ఆడుతోందా అని. ఉండుండి నోరు తెరిచి గాలి ఎగబీల్చినట్టు చేయడం ఊపిరి కిందకు రాదు. అలా ఉన్నా, అసలు ఆడకపోయినా గ్లూకగాన్ పక్కన పెట్టి, అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పైకాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు ఉంచితే మళ్ళీ వెల్లకిలా దొర్లరు. తల కొద్దిగా వెనక్కి, నోరు కిందికి వంగేలా ఉండాలి. వాంతి వస్తే అది దానంతట అదే బయటికి జారుతుంది. వాంతి సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, గ్లూకగాన్ వేశాక అది తరచుగా వస్తుంది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి అంబులెన్స్‌కు చెబుతూనే కిట్ తెరవండి. ఇంట్లో ఇంకొకరుంటే ఫోన్ వాళ్ళకు అప్పగించండి. "షుగర్ పేషెంట్, ఇన్సులిన్ వాడతారు, స్పృహలో లేరు, ఊపిరి ఆడుతోంది" అని ఈ నాలుగు ముక్కలు ముందు చెబితే చాలు. ఇన్సులిన్ పంప్ ఉంటే ఆపండి, ఆపడం రాకపోతే ఒంటి నుంచి ట్యూబ్ ఊడదీయండి.

గ్లూకోమీటర్ చేతికి అందేలా ఉంటే ఒక చుక్క చూడండి. తెరమీద LO అని వచ్చినా, 54 కంటే తక్కువ అంకె వచ్చినా సందేహం తీరిపోయినట్టే. అయితే స్ట్రిప్పుల డబ్బా కోసం అలమర్లు వెతుకుతూ కూర్చోవద్దు. ఇన్సులిన్ వాడే మనిషి స్పృహ తప్పితే, మీటర్ లేనప్పుడు అది లో షుగర్ అనుకునే ముందుకెళ్ళాలి. మీటర్ 300, 400 అని చూపిస్తే కథ వేరు, అప్పుడు గ్లూకగాన్ అక్కర్లేదు, అంబులెన్స్ కావాలి. కాకపోతే ఒక మెలిక ఉంది. మీరు అప్పటికే నోట్లో పంచదార పెట్టి, అదే చేత్తో ఆయన వేలు పట్టుకుని పొడిస్తే, వేలికంటిన తీపి వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది. వేలు తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి చూడాలి. ఒంటికి సెన్సర్ పెట్టుకున్నవాళ్ళలో అది చూపే అంకె రక్తంలోని షుగర్ కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. వేగంగా పడుతున్నప్పుడు సెన్సర్ 70 అంటే లోపల 50 ఉండొచ్చు.

ఏ పరిస్థితిలోనూ ఇన్సులిన్ వేయకండి. ఇది చెప్పాలా అనిపిస్తుంది. కానీ ఫ్రిజ్‌లో పక్కపక్కన ఉంటే, రాత్రి మూడింటికి, కంగారులో చేయి దేని మీదకు పోతుందో తెలియదు. గ్లూకగాన్ కిట్‌ను ఇన్సులిన్‌తో కలిపి ఒకే డబ్బాలో పెట్టొద్దు.

ఇప్పుడు కిట్. మీకు రాసిచ్చింది పొడి కలిపే రకం అయితే లోపల రెండే వస్తువులుంటాయి: అడుగున తెల్లటి పొడి ఉన్న చిన్న గాజుసీసా, నీళ్ళు నింపిన సిరంజి. సిరంజిలో ఉన్నది ఉత్త నీళ్ళే, మందు పొడిలో ఉంది. ఈ ఒక్క వాక్యం పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఎందుకో ఒక కుటుంబం విషయం చెబుతాను.

పందొమ్మిదేళ్ళ అబ్బాయి, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే. సాయంత్రం రెండు గంటలు ఫుట్‌బాల్ ఆడాడు, రాత్రి ఎప్పటి మోతాదే వేసుకుని పడుకున్నాడు. ఆటలో కండరాలు ఖర్చుపెట్టుకున్న గ్లూకోజ్‌ను రాత్రంతా రక్తంలోంచి తిరిగి లాక్కుంటాయి, అందుకే ఆట అయిన గంటల తర్వాత, నిద్రలో షుగర్ పడిపోతుంది. 2:10కి తల్లికి మంచం కదిలిన చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే చేతులు కొట్టుకుంటున్నాయి, ఒళ్ళు తడిసి ముద్దయింది. మీటర్‌లో 31. ఆమె పక్కకు తిప్పి ఫోన్ చేసింది. తండ్రి పెట్టె తెరిచి, సిరంజి తీసి, సూది మూత లాగి, నేరుగా తొడలో గుచ్చేశాడు. 2:15కల్లా పని అయిపోయింది. పావుగంట దాటినా పిల్లాడిలో కదలిక లేదు. షుగర్ 29. అప్పుడు తల్లి చూపు పెట్టె మీద పడింది. సీసాలో పొడి అలాగే ఉంది. తొడలోకి వెళ్ళింది ఉత్త నీళ్ళు. రెండో కిట్ లేదు. 2:34కి అంబులెన్స్ వాళ్ళు వచ్చి నరంలోంచి గ్లూకోజ్ ఎక్కిస్తే కొద్ది నిమిషాల్లో కళ్ళు తెరిచాడు. ఆ తండ్రి చదువుకున్న మనిషి, కొడుక్కి రోజూ ఇన్సులిన్ వేసి పెంచినవాడు. అలవాటైన చేయి సిరంజి కనబడగానే గుచ్చేసింది, అంతే. వేశాక సీసా వైపు చూడటం ఎప్పుడూ మానొద్దు. పొడి మిగిలి ఉంటే మందు లోపలికి వెళ్ళనట్టే.

సరైన తీరు ఇది. సీసా మీది ప్లాస్టిక్ మూత బొటనవేలితో ఎగరగొట్టండి. సిరంజి సూది మూత తీసి, రబ్బరు బిరడా మధ్యలోంచి గుచ్చి, నీళ్ళన్నీ సీసాలోకి నెట్టండి. సూది బయటికి తీయకుండానే సీసాను మెల్లగా గుండ్రంగా తిప్పండి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి సిరంజిలోకి గాలి ఎక్కుతుంది. కొద్ది క్షణాల్లో పొడి కరిగి నీళ్ళలా తేటగా అవుతుంది. గడ్డలున్నా, జెల్‌లా చిక్కగా ఉన్నా ఆ కిట్ పనికిరాదు. సీసాను తలకిందులుగా పట్టుకుని, సూది మొన ద్రవంలో మునిగి ఉండేలా చూస్తూ, మొత్తం వెనక్కి లాగండి. పైన గాలి బుడగ ఉంటే నెట్టేయండి, చిన్న బుడగ కోసం మాత్రం తంటాలు పడొద్దు, అది కండరంలోకే కదా వెళ్ళేది. తొడ బయటి వైపు, మోకాలికీ తుంటికీ మధ్య, సూదిని నిలువుగా గుచ్చి మెల్లగా చివరిదాకా నెట్టండి. భుజం పైభాగమైనా, పిరుదైనా సరే. కండరంలోకి వెళ్ళిందా, చర్మం కిందే ఆగిందా అని బెంగ వద్దు, రెండు చోట్ల నుంచీ పనిచేస్తుంది.

పెద్దవాళ్ళకు 1 మిల్లీగ్రాము, అంటే కలిపిన మందు మొత్తం. 25 కిలోల లోపు పిల్లలకు అందులో సగం. బరువు గుర్తురాకపోతే, ఆరేళ్ళ లోపు పిల్లలకు సగం అనుకోండి. కలిపిన మందు తర్వాతకు దాచకూడదు, మిగిలింది పారేయాలి.

ముక్కులో వేసే గ్లూకగాన్ కూడా ఉంది, 3 మిల్లీగ్రాముల పొడి. 2019 నుంచి వాడకంలో ఉంది. మీ ప్రాంతంలో దొరికితే, చేతులు వణికేవాళ్ళకు నేను దాన్నే ముందు సూచిస్తాను. కలపడం లేదు, సూది లేదు. మొనను ముక్కు రంధ్రంలోకి, మీ వేళ్ళు ముక్కుకు తగిలేదాకా పెట్టి, కింది మీటను చివరిదాకా నొక్కడమే. పేషెంట్ ఊపిరి లోపలికి పీల్చనక్కర్లేదు, జలుబున్నా పనిచేస్తుంది. దీనిలో జరిగే తప్పు ఒక్కటే, పనిచేస్తుందో లేదోనని ముందు ఒకసారి నొక్కి చూడటం. దానిలో ఉండేది ఒకే ఒక్క మోతాదు, చూసిందే ఆఖరు. తేమ తగిలితే పాడవుతుంది కనుక అవసరం వచ్చేదాకా దాని గొట్టం మూత కూడా తీయొద్దు. ముందే కలిపి వచ్చే సిరంజిలు, పెన్నులు కూడా ఉన్నాయి, వాటి మోతాదు పెట్టె మీద ఉన్నదే పాటించండి.

మందు వేసిన గడియారం టైమ్ చూసుకోండి, లేదా ఎదుటివాళ్ళను గట్టిగా చెప్పమనండి. భయంలో మూడు నిమిషాలు అరగంటలా అనిపిస్తాయి. చాలామందిలో 10 నుంచి 15 నిమిషాల్లో మార్పు వస్తుంది. సినిమాలోలా ఒక్కసారిగా లేచి కూర్చోరు. ముందు చెమట తగ్గుతుంది, కనురెప్పలు కదులుతాయి, గొణుగుతారు, చిరాకు పడతారు, మిమ్మల్నే తోసేస్తారు. ఆ తోసేయడం మంచి గుర్తే, బాధపడకండి. 15 నిమిషాలైనా ఏ మార్పూ లేక, అంబులెన్స్ కూడా రాకపోతే, ఇంకో కిట్ ఉంటే రెండో మోతాదు వేయవచ్చు. అందుకే ఇంట్లో రెండు ఉండేలా డాక్టరుగారిని అడగండి.

సరిగ్గా వేసినా పనిచేయకపోవడం ఉంటుంది. గ్లూకగాన్‌లో గ్లూకోజ్ ఏమీ లేదు. కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచిన నిల్వను విడిచిపెట్టమని చెప్పే హార్మోన్ అది. తిన్న తర్వాత పెద్దవాళ్ళ కాలేయంలో సుమారు 100 గ్రాముల దాకా ఆ నిల్వ ఉంటుంది. ఖజానా ఖాళీగా ఉంటే తాళంచెవి తిప్పి లాభమేముంది? రోజంతా ఉపవాసం, రెండు రోజులుగా తిండి సయించకపోవడం, ముందు రోజే ఇంకోసారి తీవ్రమైన లో షుగర్ రావడం, ఇవన్నీ నిల్వను ఊడ్చేస్తాయి. మద్యం ఇంకా చెడ్డది. కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారుచేసే పనిని అది అడ్డుకుంటుంది, తాగినవాళ్ళ తూలుడూ లో షుగర్ తూలుడూ ఒకేలా ఉండటంతో ఇంట్లోవాళ్ళు పడుకోనిస్తారు. ఇలాంటి సందర్భాల్లో కూడా గ్లూకగాన్ వేయండి, కాకపోతే దాని మీదే ఆశ పెట్టుకోకండి. అక్కడ పనిచేసేది నరంలోంచి ఎక్కించే గ్లూకోజే, కనుక ఫోన్ చేసినప్పుడే "తాగి ఉన్నారు" అనో "నిన్నటి నుంచి తిండి లేదు" అనో చెప్పేయండి. సిగ్గుపడే సమయం కాదది.

లేచాక తొందరపడి గ్లాసు నోటికి పెట్టొద్దు. తనంతట తాను కూర్చోగలగాలి, పేరు అడిగితే చెప్పగలగాలి, ఒక గుక్క నీళ్ళు పొలమారకుండా మింగగలగాలి. ఆ మూడూ అయ్యాక త్వరగా ఒంటపట్టే తీపి 15 నుంచి 20 గ్రాములు ఇవ్వండి. నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపితే దాదాపు అంత ఉంటుంది, పండ్లరసమైతే 150 మిల్లీలీటర్లు. అకార్బోస్, వోగ్లిబోస్ మాత్రలు వాడేవాళ్ళకు పంచదార విరిగి గ్లూకోజ్‌గా మారడం ఆలస్యమవుతుంది, వాళ్ళకు గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఆ తర్వాత మెల్లగా అరిగే తిండి ఏదైనా పెట్టాలి, ఎందుకంటే గ్లూకగాన్ ప్రభావం గంట, గంటన్నరకు మించి నిలవదు, అప్పటికి కాలేయం నిల్వ కూడా ఖర్చయిపోయి ఉంటుంది. చాలా ఇళ్ళలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మనిషి లేచి మాట్లాడగానే హమ్మయ్య అని దీపం ఆర్పేస్తారు. రెండో గంటలో షుగర్ మళ్ళీ జారుతుంది. 15 నిమిషాలకోసారి షుగర్ చూస్తూ, 100 దాటి నిలబడ్డాక గంటకోసారి చూడండి. కడుపులో ఏదీ నిలవకుండా వాంతులవుతుంటే ఇంట్లో ఉంచుకోవద్దు, ఆస్పత్రికే.

పూర్తిగా తేరుకున్నా అంబులెన్స్‌ను వెనక్కి పంపకూడని వాళ్ళున్నారు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు అందులో మొదటివాళ్ళు, ముఖ్యంగా వయసు మీద పడి కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్ళు. ఆ మాత్రలు క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. మనం ఎక్కించిన గ్లూకోజ్‌కు కూడా అది ఇంకొంత ఇన్సులిన్ వదులుతుంది. అందుకే షుగర్ లేచి, పడి, మళ్ళీ లేచి పడుతుంది, ఒక రోజు దాటి కూడా సాగవచ్చు. వాళ్ళను ఆస్పత్రిలో ఉంచి గమనించాల్సిందే. ఎక్కువ కాలం పనిచేసే ఇన్సులిన్ పొరపాటున రెండుసార్లు వేసుకున్నవాళ్ళు, మద్యం తాగి ఉన్నవాళ్ళు, గర్భిణులు, పడి తలకు దెబ్బ తగిలినవాళ్ళు, షుగర్ మామూలైన అరగంటకు కూడా మాట తడబడుతున్నవాళ్ళు కూడా అంతే. చివరివాళ్ళలో కారణం లో షుగర్ ఒక్కటే కాకపోవచ్చు.

మీవారి విషయంలో ఇంకోటి గమనించాలి. తీవ్రమైన లో షుగర్ ఒకసారి వచ్చాక, తర్వాతి ఒకటి రెండు రోజులు ఒళ్ళు హెచ్చరికలు తక్కువగా ఇస్తుంది. వణుకు, గుండెదడ, ఆకలి, ఇవి రాకుండానే షుగర్ నేరుగా స్పృహ తప్పేదాకా పడొచ్చు. ఆ రెండు రాత్రులు పడుకునే ముందు, మధ్యలో ఒకసారి షుగర్ చూడండి. వాహనం నడపడం ఎప్పటి నుంచో డాక్టరు చెప్పాక మొదలుపెట్టాలి. ఇన్సులిన్ మోతాదు మార్చడం కూడా ఆయనతో మాట్లాడే చేయాలి. మీరు వెళ్ళేటప్పుడు ఆ రోజు ఏ ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, ఎప్పుడు వేసుకున్నారు, ఏం తిన్నారు, మామూలు కంటే ఎక్కువ శ్రమ ఏమైనా పడ్డారా, గ్లూకగాన్ ఎన్ని గంటలకు వేశారు అని కాగితం మీద రాసుకెళితే, ఎందుకు పడిందో ఆయనకు చాలావరకు తెలిసిపోతుంది.

కిట్ మంచం పక్కన, అందరికీ తెలిసిన ఒకే చోట ఉండాలి. చాలా రకాలను 25 డిగ్రీల లోపు గది వేడిలో ఉంచవచ్చు, మీ పెట్టె మీద ఏముందో చదవండి, గడ్డకట్టే చోట, ఎండ తగిలే చోట మాత్రం వద్దు. గడువు తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆ గడువు దాటిన కిట్‌ను వెంటనే పారేయకండి, మీ చేతుల వణుకు తీరేది దాంతోనే: పొడిలో నీళ్ళు కలిపి, వెనక్కి లాగి, ఒక స్పాంజి ముక్కలో గుచ్చి చూడండి. ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్ళ చేత కూడా చేయించండి. ఆ రాత్రి మీరు ఊళ్ళో లేకపోవచ్చు.